సరుకు ఆలస్యమైతే పరిహారం అడిగే ఉత్తరం: బలమంతా తేదీల్లోనే

సరుకు ఆలస్యంగా వచ్చినప్పుడు సరఫరాదారుకు రాసే ఫిర్యాదు ఉత్తరాలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. మొదటి పేరాలో అసంతృప్తి, రెండో పేరాలో మనం పడ్డ ఇబ్బందులు, చివర 'తగిన పరిహారం చెల్లించగలరు' అన్న వాక్యం. ఆ 'తగిన' అన్న మాట దగ్గరే ఉత్తరం నీరుగారిపోతుంది. ఎంత అడుగుతున్నామో, ఏ హక్కుతో అడుగుతున్నామో మనమే చెప్పనప్పుడు అవతలివారు చెప్పరు. 'జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని రెండు వాక్యాల జవాబు వస్తుంది, అక్కడితో ఆ కాగితం ఫైలులోకి వెళ్లిపోతుంది.

కొనుగోళ్ల విభాగంలో పనిచేసినన్నాళ్లూ నేను ఇలాంటి ఉత్తరాలు రాశాను, తోటివారు రాసినవి దిద్దాను. ఉత్తరం నిలబడేదీ పడిపోయేదీ రెండు తేదీల మీదేనని నాకు అర్థమైంది. సరుకు ఏ రోజుకు రావాలి, ఏ రోజున వచ్చింది. ఈ రెండింటినీ ఎవరూ కదపలేనట్టు రుజువు చేయగలిగితే మిగిలేది గుణకారమే. కానీ ఒప్పందంలో అచ్చయిన తేదీ, ఈ రోజు అమల్లో ఉన్న తేదీ ఒకటే కావాలని లేదు. గోదాములో ముద్రపడిన తేదీ, సరుకు చట్టప్రకారం అందిన తేదీ కూడా ఒకటే కాకపోవచ్చు. ఒక కేసు తీసుకుని వీటిని విడదీసి చూద్దాం. ఇది నేను లెక్క కోసం కట్టుకున్న కేసే గానీ, ఇందులోని ప్రతి చిక్కూ నిజంగా ఎదురయ్యేదే.

ఒక సంస్థ 40 నీటి పంపులకు ఆర్డరు ఇచ్చింది. ఒక్కో పంపు ధర 10,000, మొత్తం విలువ 4,00,000. ఏ దేశపు డబ్బైనా లెక్క ఇదే. ఒప్పందంలో మనకు పనికొచ్చే నిబంధనలు నాలుగు. 8వ నిబంధన ప్రకారం పంపులన్నీ మార్చి 1 కల్లా కొనుగోలుదారు గోదాముకు చేరాలి. 9వ నిబంధన ప్రకారం సరఫరాదారు పంపిన డ్రాయింగులను కొనుగోలుదారు ఏడు రోజుల్లో ఆమోదించి తిప్పి పంపాలి, లేకపోతే ఎన్ని రోజులు ఆలస్యమైతే గడువు అన్ని రోజులు జరుగుతుంది. 14వ నిబంధన ప్రకారం, ఆలస్యమైన సరుకు విలువ మీద ప్రతి వారానికి, లేదా వారంలో భాగానికి, 0.5 శాతం పరిహారం. గరిష్ఠంగా ఒప్పందం విలువలో 10 శాతం. 21వ నిబంధన ప్రకారం నోటీసులన్నీ సరఫరాదారు రిజిస్టర్డు చిరునామాకు లిఖితపూర్వకంగా వెళ్లాలి.

జరిగింది ఇది. మార్చి 1న 24 పంపులు వచ్చాయి. మార్చి 20న మరో 10, ఏప్రిల్ 12న చివరి 6. ఈలోగా పని ఆగకుండా ఉండటానికి కొనుగోలుదారు అద్దె పంపులు తెచ్చుకున్నారు. వాటికి 9,000 ఖర్చయింది.

అమల్లో ఉన్న గడువు ఏది?

మార్చి 1 అని వెంటనే అనాలనిపిస్తుంది. ఫైలు మొత్తం తిరగేస్తే అలా అనలేం. డ్రాయింగులు అందిన ఏడు రోజుల్లో తిప్పి పంపాల్సిన కొనుగోలుదారు 12వ రోజున పంపారు. అంటే ఐదు రోజుల ఆలస్యం కొనుగోలుదారుదే. 9వ నిబంధన ప్రకారం గడువు మార్చి 6కు జరిగింది. ఈ సంగతి సరఫరాదారుకు గుర్తు లేకపోవచ్చు, అడగనూ లేకపోవచ్చు. అయినా ఉత్తరంలో మనమే చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. మనం దాచిన ఐదు రోజులను అవతలి న్యాయవాది బయటపెట్టిన క్షణం నుంచి మన మిగతా తేదీలన్నీ అనుమానంలో పడతాయి. మనమే తీసేసి లెక్క కడితే, ఆ లెక్కను తప్పుపట్టడానికి వారికి చోటు మిగలదు.

గడువును కదిపేది ఇంకొకటి ఉంది, ఇది మరింత ప్రమాదం. మన మర్యాదే మనకు అడ్డొస్తుంది. మార్చి 3న సరఫరాదారు ఫోన్ చేసి, మిగతావి 20వ తేదీకల్లా పంపుతామన్నారు అనుకుందాం. కొనుగోళ్ల అధికారి ఆ సాయంత్రం ఇలా ఈమెయిలు పెడతారు: 'సరే, మిగతావి ఈ నెల 20 కల్లా పంపినా మాకు ఇబ్బంది లేదు.' రాసినవారి ఉద్దేశం సంబంధం చెడకూడదనే. చదివేవారికి మాత్రం అది గడువు పొడిగింపు. మార్చి 20న వచ్చిన 10 పంపులకు ఇక పైసా అడగలేం. 20 తర్వాత వచ్చిన ఆరింటికి కూడా లెక్క మార్చి 6 నుంచి మొదలవుతుందా, 20 నుంచా అన్న వివాదం పుడుతుంది.

అదే మర్యాదతో ఇంకోలా రాయవచ్చు: 'మిగతావి 20 కల్లా పంపుతామన్న మీ మాట గమనించాం. ఒప్పందంలోని గడువు మారలేదు. 14వ నిబంధన కింద మా హక్కులు అలాగే ఉంటాయి.' ఇందులో కోపం లేదు, పొడిగింపూ లేదు. మన కేసులో వెళ్లింది ఇలాంటి ఈమెయిలే అనుకుందాం. ఫిర్యాదు ఉత్తరం రాసే ముందు మొదటి పని, గడువు తర్వాత మనవాళ్లు పంపిన ప్రతి ఈమెయిలునూ, ఫోను సందేశాన్నీ ఈ కంటితో చదవడం. ఎక్కడైనా 'ఇబ్బంది లేదు' కనిపిస్తే, ఉత్తరం రాయకముందే మన స్థానం ఏమిటో తెలుస్తుంది.

కొత్త గడువు ఇవ్వడమే తప్పని దీని అర్థం కాదు. అంతర్జాతీయ సరుకుల విక్రయ ఒప్పందాలపై 1980లో వియన్నాలో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో 47వ అధికరణం దీన్ని చక్కగా తేల్చింది. కొనుగోలుదారు తగినంత అదనపు గడువు ఇవ్వవచ్చు. ఆ గడువు నడుస్తున్నంత సేపూ, తాము పంపబోమని విక్రేత చెబితే తప్ప, ఉల్లంఘన మీద వేరే చర్యకు దిగకూడదు. అయితే ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు మాత్రం పోదు. ఆ ఒడంబడిక వర్తించని ఒప్పందాల్లో ఇంత భరోసా ఉంటుందనుకోకూడదు కాబట్టి, హక్కులు వదులుకోవడం లేదన్న వాక్యాన్ని మనమే రాసుకోవాలి.

సరుకు అందిన రోజు

మార్చి 20న వచ్చిన లారీ సాయంత్రం ఏడింటికి గేటు దగ్గరికి చేరింది. గోదాము మూసేశారు. గేటు పుస్తకంలో 20వ తేదీ పడింది. మర్నాడు ఉదయం దించుకున్నారు, సరుకు అందిన రసీదు మీద 21వ తేదీ ముద్ర పడింది. ఉత్తరం రాసేవారి బల్ల మీద ఇప్పుడు రెండు కాగితాలున్నాయి. మార్చి 6 నుంచి 20 దాకా 14 రోజులు, అంటే సరిగ్గా రెండు వారాలు. 21 అయితే 15 రోజులు. 'వారంలో భాగం' అన్న మాట వల్ల అది మూడు వారాల కింద లెక్క. ఒక్క ముద్రతో ఆ 10 పంపుల మీద పరిహారం 1,000 నుంచి 1,500కు పెరుగుతుంది.

ఏది సరైనదో ఒప్పందంలోని డెలివరీ షరతు చెబుతుంది. ఈ ఒప్పందం ఇన్‌కోటర్మ్స్ 2020లోని డీఏపీ పద్ధతి మీద కుదిరిందనుకోండి. ఇన్‌కోటర్మ్స్ అంటే అంతర్జాతీయ వాణిజ్య మండలి ప్రచురించే డెలివరీ షరతుల పట్టిక. డీఏపీలో, వాహనం చెప్పిన చోటికి చేరి, దించుకోవడానికి సిద్ధంగా సరుకును కొనుగోలుదారు ముందుంచితే అందించినట్టే. దించే పని కొనుగోలుదారుది. మామూలు పనివేళల తర్వాత వచ్చిన సరుకును ఆ రోజే అందినట్టు లెక్కించాలా అన్న వాదనకు చోటుంది. ఒప్పందంలో గోదాము వేళలు రాసి ఉంటే 21 అని గట్టిగానే అడగవచ్చు. రాసి లేకపోతే నేనైతే 20నే తీసుకుంటాను. 500 కోసం వాదన తెరిస్తే మిగతా మొత్తమంతా దానితోపాటు వాదనలోకి వెళ్తుంది.

ఇక్కడే ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. షరతు డీఏపీ కాకుండా సీఐఎఫ్ అయితే, సరుకు బయలుదేరే రేవులో ఓడ ఎక్కగానే విక్రేత అందించినట్టే. ఓడ దారిలో మూడు వారాలు నిలిచిపోయినా అది సరఫరాదారు ఆలస్యం కాదు. 'మా దగ్గరికి ఆలస్యంగా చేరింది' అన్న ఫిర్యాదు ఎంత నిజమైనా, ఆ ఒప్పందం కింద పరిహారానికి దారితీయదు. అక్కడ చూడాల్సింది ఓడలోకి ఎక్కించిన తేదీ, అది ఓడ సరుకు పత్రంలో ఉంటుంది.

అడగాల్సింది ఎంత?

14వ నిబంధనలాంటి దాన్ని వ్యాపార వ్యవహారంలో లిక్విడేటెడ్ డ్యామేజెస్ అంటారు, పొట్టిగా ఎల్‌డీ. నష్టం ఎంతో తర్వాత నిరూపించుకునే శ్రమ లేకుండా, ఇంత ఆలస్యానికి ఇంత అని ముందే ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం. ఉత్తరంలో దీన్ని 'జరిమానా' అని రాయకండి. ఇంగ్లండు న్యాయ సంప్రదాయాన్ని అనుసరించే చాలా దేశాల్లో కేవలం శిక్షగా పెట్టిన మొత్తాన్ని కోర్టులు ఉన్నదున్నట్టు ఇప్పించవు. పేరు ఒక్కటే కేసును తేల్చదు గానీ, అవతలివారికి ఆ మాట మనమే అందించడం ఎందుకు?

లెక్క చేద్దాం. మార్చి 20న వచ్చిన 10 పంపుల విలువ 1,00,000; రెండు వారాలు; 0.5 శాతం చొప్పున 1,000. ఏప్రిల్ 12న వచ్చిన ఆరింటి విలువ 60,000, మార్చి 6 నుంచి 37 రోజులు, అంటే ఐదు వారాల రెండు రోజులు, నిబంధన ప్రకారం ఆరు వారాలు, 1,800. మొత్తం 2,800. గరిష్ఠ పరిమితి 40,000 కాబట్టి దానితో పని లేదు.

చాలా ఉత్తరాల్లో ఇదే లెక్క 12,000 అని కనిపిస్తుంది. చివరి పంపు వచ్చేదాకా గడిచిన ఆరు వారాలను మొత్తం 4,00,000 మీద గుణించేస్తారు. నిబంధనలో ఉన్నది 'ఆలస్యమైన సరుకు విలువ'. మార్చి 1నే వచ్చిన 24 పంపుల మీద కూడా పరిహారం అడుగుతున్నామని అవతలి లెక్కల అధికారి ఒక్క నిమిషంలో పట్టేస్తారు. ఆ తర్వాత వారి జవాబు ఆలస్యం గురించి ఉండదు, మన తప్పు లెక్క గురించి ఉంటుంది. కొన్ని ఒప్పందాల్లో పరిహారం ఒప్పందం మొత్తం విలువ మీదే ఉంటుంది. అప్పుడు అలాగే కట్టాలి. నిబంధనలోని మాటలను వేలు పెట్టి చదువుకోవడం తప్ప దగ్గరి దారి లేదు.

ఇక అద్దె పంపులకైన 9,000 సంగతి. పైఅధికారి సహజంగానే దాన్ని కూడా కలపమంటారు. అడగాల్సింది 11,800 అంటారు. ఈ బాధ నాకు బాగా తెలుసు, అసలు నష్టం కళ్లముందు కనిపిస్తూ ఉంటే దాన్ని వదిలేయాలని ఎవరికి ఉంటుంది? కానీ ఎల్‌డీ అంటే ఆలస్యం వల్ల కలిగే నష్టానికి ముందే కట్టుకున్న ధర. అద్దె ఖర్చు ఆ ఆలస్యం వల్ల వచ్చినదే కాబట్టి, మామూలుగా అది ఆ ధరలో కలిసిపోయినట్టే. నష్టం తక్కువైనప్పుడు ఎల్‌డీ మనకు లాభం, ఎక్కువైనప్పుడు సరఫరాదారుకు రక్షణ. 'ఇతర పరిహార హక్కులకు ఇది అదనం' అని నిబంధనలో స్పష్టంగా ఉంటేనే రెండోది అడిగే ఆలోచన చేయాలి, అదీ న్యాయవాదికి చూపించాక. మన కేసులో అలా లేదు. కాబట్టి ఉత్తరంలో 9,000 ఊసు ఉండదు.

ఒప్పందంలో ఎల్‌డీ నిబంధనే లేకపోతే పరిస్థితి వేరు. అప్పుడు అసలు నష్టాన్ని నిరూపించి అడగాలి. దానికి ఇప్పటికీ దారి చూపుతున్నది ఇంగ్లండులో 1854లో వచ్చిన హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ తీర్పు. గ్లౌస్టర్‌లో ఒక పిండిమర ఆవిరి యంత్రంలో క్రాంక్‌షాఫ్ట్ విరిగింది. కొత్తది చేయించడానికి నమూనాగా పాతదాన్ని గ్రీనిచ్‌కు పంపాలి. రవాణాదారులు ఆలస్యం చేయడంతో మర మరికొన్ని రోజులు ఆగిపోయింది. పోయిన లాభం ఇప్పించమని మర యజమానులు అడిగారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ షాఫ్ట్ లేక మర మొత్తం ఆగి ఉందన్న ప్రత్యేక పరిస్థితి ఒప్పందం నాటికి రవాణాదారులకు తెలియజేయలేదని, మామూలుగా ఎవరూ అలా ఊహించరని చెప్పింది. కాబట్టి ఎల్‌డీ లేని ఒప్పందంలో మన ఉత్తరం చూపాల్సింది, పంపులు రాకపోతే అద్దెకు తెచ్చుకోవాల్సి వస్తుందని ఆర్డరు ఇచ్చేనాటికే వారికి తెలుసని. ఆర్డరుకు ముందు నడిచిన ఈమెయిళ్లలో ఆ వాక్యం దొరికితే బంగారమే. నష్టం తగ్గించుకోవడానికి మనం ప్రయత్నించామని కూడా చూపాలి. అద్దె బిల్లు పనికొచ్చేది అక్కడే.

వారు చెప్పబోయే కారణం

మార్చిలోనే సరఫరాదారు ఫోన్లో ఒక మాట అన్నారు, తమకు పంపు పోతలు ఇచ్చే ఫౌండ్రీ ఆలస్యం చేసిందని. జవాబులో ఇదే ఫోర్స్ మేజర్ పేరుతో, అంటే తమ చేతిలో లేని అడ్డంకి వల్ల జరిగిన ఆలస్యాన్ని మన్నించే నిబంధన పేరుతో వస్తుంది. ఉత్తరంలోనే ముందుగా ఒక వాక్యంలో దీన్ని ఎదుర్కోవడం మంచిది. మామూలుగా ఇలాంటి నిబంధనలు రెండు అడుగుతాయి: అది వారి అదుపులో లేని అడ్డంకి అయి ఉండాలి, దాని గురించి సకాలంలో లిఖితపూర్వకంగా తెలియజేసి ఉండాలి. కింది సరఫరాదారు జాప్యం ఒక్కటే సాధారణంగా చాలదు. వియన్నా ఒడంబడిక 79వ అధికరణం కూడా, పని అప్పగించిన మూడో వ్యక్తికి సైతం అలాంటి మినహాయింపు వర్తిస్తేనే విక్రేతకు మినహాయింపు ఇస్తుంది. అయితే ఉత్తరంలో న్యాయశాస్త్రం వద్దు. లిఖితపూర్వక నోటీసు రాలేదన్న వాస్తవం చాలు.

ఇప్పుడు ఉత్తరం చూడండి. ఇది 21వ నిబంధనలో ఉన్న రిజిస్టర్డు చిరునామాకు, రసీదు దొరికే పద్ధతిలో వెళ్లాలి. మనతో రోజూ మాట్లాడే సేల్స్ ప్రతినిధికి ఫోనులో పంపిన సందేశం నోటీసు కింద లెక్కకు రాకపోవచ్చు. ఆయనకు ఒక ప్రతి పంపితే మర్యాద.

> తేదీ: ఏప్రిల్ 15
>
> విషయం: 40 పంపుల సరఫరాలో ఆలస్యం – 14వ నిబంధన కింద పరిహారం కోరుతూ, 21వ నిబంధన ప్రకారం నోటీసు
>
> అయ్యా,
>
> మన ఒప్పందంలోని 8వ నిబంధన ప్రకారం 40 పంపులు మార్చి 1 కల్లా మా గోదాముకు చేరాలి. డ్రాయింగుల ఆమోదంలో మా వైపు ఐదు రోజులు ఆలస్యమైనందువల్ల, 9వ నిబంధన ప్రకారం ఈ గడువును మార్చి 6గా లెక్కిస్తున్నాం. దీనికి మించి ఏ పొడిగింపునూ మేము అంగీకరించలేదు.
>
> 24 పంపులు గడువులోగా అందాయి. 10 పంపులు మార్చి 20న, 6 పంపులు ఏప్రిల్ 12న అందాయి. గేటు పుస్తకం, సరుకు రసీదుల ప్రతులు జతచేశాం. ఆలస్యానికి మినహాయింపు కోరుతూ మీ నుంచి లిఖితపూర్వక నోటీసు ఏదీ మాకు అందలేదు.
>
> 14వ నిబంధన ప్రకారం చెల్లించాల్సిన పరిహారం: 10 పంపులపై రెండు వారాలకు 1,000, 6 పంపులపై ఆరు వారాలకు 1,800, మొత్తం 2,800. లెక్క విడిగా జతచేశాం.
>
> ఏప్రిల్ 29లోగా ఈ మొత్తానికి క్రెడిట్ నోట్ ఇవ్వగలరు. మా లెక్కలో ఏ అంశంతోనైనా విభేదిస్తే, అది ఏదో, ఏ ఆధారంతోనో అదే గడువులోగా తెలియజేయగలరు. ఆలస్యంగా వచ్చిన పంపులను తీసుకోవడం వల్లగానీ, ఈ ఉత్తరం వల్లగానీ ఒప్పందం కింద మాకున్న ఏ హక్కునూ వదులుకోవడం లేదు.
>
> భవదీయులు,

ఇంతే. ఇబ్బందుల వర్ణన లేదు, విశేషణాలు లేవు. ఈ వ్యవహారం గురించి ఏమీ తెలియని మనిషి, ఉదాహరణకు రేపు మధ్యవర్తిగా కూర్చునేవారు, దీన్ని ఒక్కసారి చదివి లెక్క సరిచూసుకోగలరు. నేరుగా బిల్లులోంచి కోసుకోకుండా క్రెడిట్ నోట్, అంటే మన బాకీ అంత మేరకు తగ్గించామని సరఫరాదారే ఇచ్చే పత్రం, అడిగింది కావాలనే. బిల్లులోంచి మినహాయించుకునే హక్కు ఒప్పందంలో స్పష్టంగా ఉంటే కోసుకోవచ్చు. లేకుండా కోస్తే, బాకీ పడింది మనమేనన్న ఎదురు ఫిర్యాదు మొదలవుతుంది.

తర్వాత చాలాసార్లు జరిగేది ఇది: సరఫరాదారు ఒప్పుకుంటారు. ఏప్రిల్ 27న 2,800కు క్రెడిట్ నోట్ వస్తుంది. దానితోపాటు సంతకం కోసం ఒక అర పేజీ కాగితం ఉంటుంది. అందులో చివరి వాక్యం, ఈ మొత్తాన్ని 'ఈ ఒప్పందానికి సంబంధించిన అన్ని క్లెయిములకూ తుది పరిష్కారంగా' స్వీకరిస్తున్నామని. డబ్బు వచ్చిందన్న సంతోషంలో సంతకం పెట్టేస్తారు. ఆరో నెలలో నాలుగు పంపుల సీళ్లు కారడం మొదలైనప్పుడు, వారంటీ కింద అడగబోతే ఈ కాగితమే అడ్డం వస్తుంది. ఆ వాక్యాన్ని కొట్టేసి, 'పైన చెప్పిన 16 పంపుల ఆలస్యానికి సంబంధించినంత వరకు మాత్రమే' అని రాసి, పక్కన ఇద్దరి పొట్టి సంతకాలూ పడ్డాకే క్రెడిట్ నోటును లెక్కల్లోకి ఎక్కించండి.